కార్తీక సోమవారాలు, గట్టు మీద పరుగు: నాలుగు వారాల ప్రాజెక్టు డైరీ

మాది రాజమండ్రి. నాకు 39 ఏళ్ళు. రెండేళ్ళుగా గోదావరి గట్టు మీద వారానికి నాలుగు రోజులు పరుగెత్తుతున్నాను. మా ఇంట్లో కార్తీక సోమవారాలు నక్తం ఉంటాం. అంటే పగలంతా ఉపవాసం, సాయంత్రం చుక్క చూసి, దీపం పెట్టి, అప్పుడు భోజనం. 2023 కార్తీకంలో ఈ రెండూ కలిసి నన్ను బాగా ఇబ్బంది పెట్టాయి. అందుకని 2024 కార్తీకంలో ప్రతి సోమవారం కొలతలు తీసి రాసుకున్నాను. ఉపవాసం మానకుండా, పరుగు పూర్తిగా వదలకుండా ఉండాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్ళు, బీపీకి నీరు తీసే మాత్ర వేసుకునేవాళ్ళు, గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు దీన్ని చూసి చేయకండి. ఇన్సులిన్ గానీ, అలాంటి షుగర్ మాత్ర గానీ వాడుతూ తిండి మానితే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మా మామయ్యగారు అందుకే ఉపవాసం ఉండరు. పొద్దున్నే టిఫిన్ తిని, మాత్ర వేసుకుని, సాయంత్రం మాతోపాటు దీపం పెడతారు.

సామాను, కొలిచే పద్ధతి

కొత్తగా కొన్నది ఏమీ లేదు. ఇంట్లో ఉన్న ఎలక్ట్రానిక్ తూకం మిషన్, మామయ్యగారి ప్రెషర్ మిషన్, షుగర్ మిషన్, పల్స్ చూపించే నా వాచీ, గీతలున్న లీటరు సీసా. అంతే.

తూకం మిషన్ మొదటి రోజే మోసం చేసింది. దాన్ని స్నానాల గది బయట పీచు పట్ట మీద పెట్టాను. వెంటవెంటనే మూడుసార్లు ఎక్కితే మూడు అంకెలు, వాటి మధ్య 600 గ్రాముల తేడా. నేను కొలవాలనుకున్న చెమటే అరకిలో. గట్టి గచ్చు మీదకి మార్చి, పెన్సిల్‌తో నాలుగు మూలలా గుర్తు గీసి, ప్రతిసారీ అక్కడే పెట్టాక తేడా 100 గ్రాములకి దిగింది.

రెండో కొలత పల్స్. ఇది అందరికీ తెలియదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

1. అయిదు నిమిషాలు వెల్లకిలా కదలకుండా పడుకుని పల్స్ చూసుకోవాలి.
2. లేచి నిలబడి, ఒక నిమిషం తర్వాత ఒకసారి, మూడు నిమిషాల తర్వాత ఇంకోసారి చూసుకోవాలి.
3. పడుకున్నప్పటికీ నిలబడ్డప్పటికీ తేడా రాసుకోవాలి.

నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. ఒంట్లో నీరు సరిపడా ఉంటే గుండె కొంచెం వేగం పెంచి సర్దుకుంటుంది. నీరు తగ్గితే చాలా ఎక్కువ వేగం పెంచాలి. తేడా 30 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ఒంట్లో నీరు బాగా తగ్గిందని అనుమానించాలి. పై బీపీ 20 పాయింట్లు పడిపోయినా అంతే. అలాంటప్పుడు వ్యాయామం మాట ఎత్తకూడదు. ఒంటరిగా చేయకండి. కళ్ళు తిరిగితే పట్టుకోవడానికి పక్కన మనిషి ఉండాలి.

ఉపవాసం లేని సోమవారం, అక్టోబరు 28న తీసిన లెక్క ఇది. 6 కిలోమీటర్లు 42 నిమిషాల 30 సెకన్లు, సగటు పల్స్ 142. పరుగుకి ముందు 61.4 కిలోలు, తర్వాత ఒళ్ళు తుడుచుకుని 60.9. మధ్యలో ఏమీ తాగలేదు కాబట్టి చెమట సుమారు అర లీటరు. మధ్యాహ్నం పడుకుని 64, నిలబడితే 78. తేడా 14. తర్వాతి అంకెలన్నీ దీనితో పోల్చి చూడండి.

మొదటి సోమవారం, నవంబరు 4: అన్నీ తప్పులే

మా అమ్మమ్మ నీళ్ళు కూడా ముట్టేది కాదు. నేనూ అలాగే ఉందామనుకున్నాను. ఆదివారం ఎప్పటిలాగే 9 కిలోమీటర్లు పరుగెత్తాను. రాత్రి ఎనిమిదింటికి ఉప్మా తిన్నాను. పదింటికి ఒక గ్లాసు నీళ్ళు తాగి పడుకున్నాను.

తెల్లవారుజామున కోటిలింగాల రేవులో స్నానం చేసి, దీపం వదిలి, ఇంటికొచ్చి బట్టలు మార్చుకుని అయిదున్నరకి పరుగు మొదలుపెట్టాను. 6 కిలోమీటర్లకి 45 నిమిషాల 10 సెకన్లు, పల్స్ 151. నెమ్మదిగా వెళ్తున్నా గుండె ఎక్కువ కొట్టుకుంటోంది. అక్కడే ఆగిపోవాల్సింది. పొద్దుట చల్లగా ఉంది కదా, ఏం కాదులే అనుకున్నాను.

పదకొండింటికి తలనొప్పి మొదలైంది. కణతల దగ్గర కాదు, తలంతా పట్టేసినట్టు. నేను ఇంటి నుంచే రెండు దుకాణాలకి లెక్కలు రాస్తుంటాను. ఆ రోజు ఒకే పేజీ మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చాయి. మూడున్నరకి పడుకుని 70, నిలబడితే 108. తేడా 38. మంచం కోడు పట్టుకుని నిలబడ్డాను, కళ్ళు బైర్లు కమ్మాయి. సాయంత్రం అయిదింటికి బరువు 59.4. పొద్దున పరుగుకి ముందు 61.0. అంటే 1.6 కిలోలు, నా బరువులో రెండున్నర శాతం పైనే. మామూలుగా రెండు శాతం దాటితే పరుగు వేగం తగ్గడం, చిరాకు, మాంద్యం మొదలవుతాయి. ఈ తగ్గిన బరువంతా నీరే కాదు, ఖాళీ అయిన కడుపు కూడా ఇందులో కొంత ఉంది. కానీ పల్స్ తేడా మాత్రం నీటి సంగతి స్పష్టంగా చెప్పింది.

ఆ నెలలో సూర్యాస్తమయం కాగానే పడమట శుక్రుడు మెరుస్తూ కనిపించేవాడు. అయిదు ముప్పావుకి అత్తయ్యగారిని పిలిచి చూపించాను. "అది చుక్క కాదే అమ్మాయ్, శుక్రుడు. ఇంకాస్త ఆగు" అన్నారు. ఆరింటికి నిజమైన చుక్కలు కనిపించాయి. దీపం పెట్టగానే ఆకలి మీద పులిహోర, అయిదు గారెలు, పాయసం పావుగంటలో తినేశాను. కడుపు ఉబ్బి, త్రేన్పులతో రాత్రి ఒంటిగంట దాకా నిద్ర లేదు. మర్నాడు మంగళవారం నాగుల చవితి. పుట్టలో పాలు పోసి వచ్చేదాకా మళ్ళీ ఉపవాసం. పొద్దున బరువు 60.6. ఆ రోజు చేయాల్సిన డంబెల్స్ రద్దు చేసుకున్నాను.

రాత్రి డైరీలో రాసుకున్నది: సోమవారం దెబ్బతినడం ఆదివారమే మొదలైంది. కండరాల్లో దాచుకున్న పిండి పదార్థాన్ని 9 కిలోమీటర్ల పరుగులో ఖర్చు చేసి, రాత్రి చిన్న గిన్నెడు ఉప్మాతో సరిపెట్టాను. చెమటలో పోయిన ఉప్పూ నీరూ తిరిగి పూడ్చలేదు. ఆ అప్పుతో ఉపవాసంలోకి దిగాను.

మొదటి వారం మొత్తం: అనుకున్నది 26 కి.మీ., అయింది 24.

మార్పు 1: నీళ్ళు

తర్వాత రెండు రోజులు ఈ ఒక్క విషయమే ఆలోచించాను. నీళ్ళు తాగితే నక్తం భంగమవుతుందా? అత్తయ్యగారే మా పంతులుగారిని అడిగారు. నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, హవిస్సు, గురువుగారి మాట, మందు, ఇలాంటివి వ్రతానికి భంగం కావని పాత శ్లోకమే ఉందని ఆయన చెప్పారు. "శరీరం పడిపోతే దీపం ఎవరు పెడతారమ్మా, నీళ్ళు తాగండి" అన్నారు. ఒక్కో ఇంటి ఆచారం ఒక్కో రకం. మీ ఇంట్లో నీళ్ళు కూడా ముట్టని నియమమైతే నా సలహా ఒక్కటే: ఆ రోజు నడక కూడా పెట్టుకోకండి.

ఇంకో మార్పు, దూరం పరుగుని ఆదివారం నుంచి శనివారానికి జరిపాను. ఆదివారం విశ్రాంతి. ఆ రాత్రి ఎనిమిదింటికి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, బంగాళాదుంప వేపుడు, పెరుగు. ఉపవాసానికి ముందు రాత్రి తేలిగ్గా తినాలనే మాట వింటుంటాం. పరుగెత్తేవాళ్ళకి అది సరిపడదు. కడుపు బరువెక్కేలా కాదు, కానీ పిండి పదార్థం, ఉప్పు, పెరుగు సరిగ్గా ఉండాలి.

రెండో సోమవారం, నవంబరు 11: నీళ్ళు సరిపోయాయి, తలనొప్పి పోలేదు

నీళ్ళ విషయంలో ఈసారి అతి చేశాను. నాలుగుంపావుకి లేచి లీటరు నీళ్ళు ఒకేసారి తాగేశాను. రేవు నుంచి వచ్చేలోపు రెండుసార్లు, ఏడింటిలోపు మొత్తం నాలుగుసార్లు బాత్‌రూముకి వెళ్ళాల్సి వచ్చింది. మూత్రం నీళ్ళలా తెల్లగా ఉంది. తాగిన దాంట్లో చాలా భాగం నిలవకుండా పోయిందన్నమాట. ఒంట్లో నీళ్ళు నిలవాలంటే కొంచెం కొంచెంగా తాగాలి. లేత పసుపు రంగు ఉంటే చాలు.

ఆ తర్వాత గంటన్నరకోసారి గ్లాసు చొప్పున తాగాను. సాయంత్రానికి మొత్తం 1.9 లీటర్లు. మూడున్నరకి పల్స్ తేడా 19. పోయిన వారం 38 కదా, సగానికి వచ్చింది.

అయినా పదకొండున్నరకి అదే తలనొప్పి, అదే చోట. ఇక్కడే నాకు బుర్ర పనిచేసింది. నీళ్ళు సరిపోయినా తలనొప్పి వచ్చిందంటే దానికి కారణం వేరే ఉంది. నేను రోజూ మూడు కప్పుల ఫిల్టర్ కాఫీ తాగుతాను. ఆఖరిది సాయంత్రం నాలుగింటికి. ఆదివారం నాలుగు నుంచి సోమవారం పదకొండున్నరకి పంతొమ్మిదిన్నర గంటలు. అలవాటు ఉన్నవాళ్ళకి కాఫీ ఆపిన 12 నుంచి 24 గంటల మధ్య ఈ తలనొప్పి మొదలవుతుంది. ఇన్నేళ్ళూ దాన్ని ఉపవాసపు తలనొప్పి అనుకుని, ఆకలిని నిందిస్తూ వచ్చాను.

వ్యాయామం పొద్దుట తీసేసి, సాయంత్రం నాలుగు నలభై అయిదుకి అరగంట నడక పెట్టాను. ఆ వేళకి పెట్టడానికి కారణం ఉంది. నడక అయిన గంటలోపే నీళ్ళు, తిండి దొరుకుతాయి. పొద్దున్నే చెమట పట్టిస్తే ఆ లోటుని పన్నెండు గంటలు మోయాలి. మా జిమ్‌లో ఏటా రంజాన్ ముప్పై రోజాలూ ఉండే ఒక అన్న ఉన్నాడు. ఇఫ్తార్‌కి ముందు ముప్పావుగంట మాత్రమే తేలికపాటి వ్యాయామం చేస్తాడు. బరువులెత్తేది ఇఫ్తార్ తర్వాతే. ఈ సంగతి చెప్పింది అతనే.

ఆ వారంలోనే శుక్రవారం, 15న, కార్తీక పౌర్ణమి. 365 వత్తులు వెలిగించే రోజు. ఆ రోజూ ఉపవాసమే. పనులతో రోజంతా నిలబడే ఉన్నాను కాబట్టి పరుగు పెట్టుకోలేదు. మర్నాటి శనివారం 9 కిలోమీటర్లని 7కి కుదించాను.

రెండో వారం: 18 కి.మీ. ఇప్పటిదాకా మొత్తం: 42 (అనుకున్నది 52).

మార్పు 2: కాఫీ తగ్గించడం

ఒక్కసారిగా ఆపితే తలనొప్పిని ముందుకు జరిపినట్టే అవుతుంది. అందుకని ఇలా చేశాను.

1. మంగళ, బుధవారాలు: రెండు కప్పులు.
2. గురువారం: పొద్దున ఒక కప్పు.
3. శుక్రవారం పౌర్ణమి: అసలు లేదు. మధ్యాహ్నం కొంచెం మందంగా అనిపించింది, నొప్పి అనడానికి లేదు.
4. శని, ఆదివారాలు: పొద్దున సగం కప్పు, డికాక్షన్ పలచగా.

కష్టం నాలుగింటి కప్పు మానడంలోనే ఉంది. ఆ వేళకి వేడిగా ఏదో ఒకటి చేతిలో ఉండాలి. జీలకర్ర వేసి కాచిన నీళ్ళు పెట్టుకున్నాను.

మూడో సోమవారం, నవంబరు 18: పరుగు మళ్ళీ పెట్టి దెబ్బతిన్నాను

తలనొప్పి రాలేదు. నాలుగింటి దాకా లెక్కలు సజావుగా రాసుకున్నాను. మూడున్నరకి పల్స్ తేడా 17. ఇంత బాగుంటే నడక ఎందుకు, పరుగే చేద్దామనుకున్నాను. నాలుగు కిలోమీటర్లు, నెమ్మదిగా. నాలుగు నలభై అయిదుకి మొదలు.

మొదటి రెండు కిలోమీటర్లు ఇబ్బంది లేదు. మూడోదానిలో వేగం తగ్గింది, అయినా పల్స్ 158కి ఎక్కింది. మూడు పూర్తయ్యేసరికి చేతివేళ్ళు వణకడం మొదలైంది. నుదుటి మీద చెమట చల్లగా తగిలింది. పరుగులో పట్టే చెమట వేడిగా ఉంటుంది, ఇది అలా లేదు. ఎదురుగా వస్తున్న మనిషి ముఖం ఆనవాలు పట్టడానికి ఒక క్షణం ఎక్కువ పట్టింది. రేవు మెట్ల మీద కూర్చుండిపోయాను.

ఇంటికి ఫోన్ చేస్తే మావారు బండి మీద వచ్చారు. పూజకి కొన్న అరటిపళ్ళు సంచిలో ఉన్నాయి. చుక్కకి ఇంకా ముప్పావుగంట ఉంది. అయినా ఒక పండు తినేశాను, తినాలా వద్దా అని ఆలోచించలేదు. పది నిమిషాల్లో వణుకు తగ్గింది. ఇంటికెళ్ళాక షుగర్ మిషన్ మీద చూస్తే 94 వచ్చింది. పండు తిన్న ఇరవై నిమిషాలకి తీసిన అంకె అది. వణుకుతున్నప్పుడు ఎంత ఉందో అది చెప్పదు. ముందు వేలు గుచ్చి చూసుకుని తర్వాత తినాల్సింది అని మావారు అన్నారు. మిషన్ చేతిలో లేనప్పుడు ముందు తినడమే సరైనదని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే.

అత్తయ్యగారితో జరిగింది చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. వ్రతం చెడగొట్టానేమోనని. ఆవిడ నా తల నిమిరి, "మందు తీసుకున్నట్టే అనుకో. వచ్చే వారం పరుగెత్తకు, అంతే" అన్నారు.

ఇలా ఎందుకైందో తర్వాత కూర్చుని లెక్క వేశాను. ఆదివారం రాత్రి ఎనిమిది నుంచి సోమవారం సాయంత్రం అయిదు దాకా 21 గంటలు. రాత్రంతా, పగలంతా రక్తంలో షుగర్ నిలబెట్టేది కాలేయంలో దాచిన పిండి పదార్థం. ఆ నిల్వ అప్పటికి చాలావరకు అయిపోయి ఉంటుంది. నడకకి ఒళ్ళు ఎక్కువగా కొవ్వుని వాడుకుంటుంది కాబట్టి సర్దుకుపోతుంది. పరుగు పెంచే కొద్దీ షుగర్ అవసరం పెరుగుతుంది, తిండి లేని ఒళ్ళు దాన్ని అంత వేగంగా తయారుచేసుకోలేదు. నీళ్ళు ఎన్ని తాగినా ఈ లోటు తీరదు. పల్స్ తేడా 17 అని చూసి ధైర్యపడ్డాను గానీ ఆ కొలత చెప్పేది నీటి గురించే, ఇంధనం గురించి కాదు.

అందుకని ఒక నియమం రాసి తలుపు వెనక అంటించాను. చల్లటి చెమట, చేతులు వణకడం, మాట తడబడటం, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే కూర్చుని తీపి తినాలి. పావుగంటలో తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. చుక్క కోసం ఆగకూడదు.

మూడో వారం: సోమవారం 3, బుధవారం 6, శుక్రవారం 5, శనివారం 9. కలిపి 23 కి.మీ. ఇప్పటిదాకా మొత్తం: 65 (అనుకున్నది 78).

మార్పు 3: ఉపవాసం విడిచే పద్ధతి, రాత్రి వ్యాయామం

మొదటి సోమవారం రాత్రి గారెలతో పడ్డ బాధ మరచిపోలేదు. రోజంతా ఖాళీగా ఉన్న కడుపులో నూనె వంట వేస్తే అది త్వరగా దిగదు, నిద్ర చెడుతుంది. అందుకని భోజనాన్ని రెండుగా విడగొట్టాను. మధ్యలో దీపారాధన వస్తుంది కాబట్టి ఆచారానికీ ఇది సరిపోయింది.

మొదట అత్తయ్యగారికి నచ్చలేదు. నైవేద్యం పెట్టినవి చల్లారిపోతాయన్నారు. గారెలు మర్నాడు పొద్దున తింటానని ఒప్పించాను. మంగళవారం పొద్దున్నే పెరుగులో నానిన గారెలు తినడం మా ఇంట్లో ఇప్పుడు కొత్త ఆచారమైంది.

నాలుగో సోమవారం, నవంబరు 25: కుదిరింది

ఆ రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎవరైనా అనుసరించాలంటే ఇదే తీసుకోండి.

1. శనివారం దూరం పరుగు. ఆదివారం విశ్రాంతి, పలచటి కాఫీ సగం కప్పు, రాత్రి ఎనిమిదింటికి పప్పన్నం, పెరుగు.
2. సోమవారం నాలుగుంపావుకి ఒక గ్లాసు నీళ్ళు, స్నానం అయ్యాక ఇంకో గ్లాసు. కలిపి అర లీటరు.
3. ఎనిమిది నుంచి గంటన్నరకోసారి 200 మిల్లీలీటర్లు, ఆరుసార్లు. సాయంత్రానికి మొత్తం 1.7 లీటర్లు.
4. మూడున్నరకి పల్స్ పరీక్ష. తేడా 16. ఇది 30 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే నడక కూడా రద్దు.
5. అయిదింటికి 25 నిమిషాల నడక, పక్కన మాట్లాడుతూ నడవగలిగే వేగం. పల్స్ 105 దాటలేదు. అయిదున్నరకి ఇంట్లో ఉన్నాను.
6. ఆరింటికి చుక్క చూసి ఒక గ్లాసు నీళ్ళు, ఒక అరటిపండు, రెండు ఖర్జూరాలు. తర్వాత తులసి కోట దగ్గర దీపారాధన.
7. ఆరున్నరకి భోజనం: ఒక కప్పు అన్నం, కందిపప్పు, బీరకాయ కూర, పెరుగు. పాయసం రెండు చెంచాలు.
8. ఎనిమిదింబావుకి 20 నిమిషాల డంబెల్స్: గుంజీలు, గోడకి ఆనుకుని పుషప్స్, 4 కిలోల డంబెల్‌తో భుజాలకి. మామూలుగా మూడు విడతలు చేస్తాను, ఈ రోజు రెండే.
9. తొమ్మిదింటికి ఉప్పు వేసిన మజ్జిగ ఒక పెద్ద గ్లాసు. పదింబావుకి నిద్ర.

అయిదింటికి బరువు 60.3, పొద్దున 61.1. తగ్గింది 800 గ్రాములు. మొదటి వారం 1.6 కిలోలు. తలనొప్పి లేదు, వణుకు లేదు. మర్నాడు మంగళవారం 6 కిలోమీటర్లు 43 నిమిషాల 5 సెకన్లు, పల్స్ 144. అక్టోబరు లెక్కకి దాదాపు దగ్గర.

ఎనిమిదో అడుగు గురించి ఒక మాట. భోజనం అయిన గంటన్నరకైనా ముందు బరువులు ఎత్తకండి. పౌర్ణమి రాత్రి ముప్పావుగంటకే మొదలుపెట్టి చూశాను, మొదటి విడతలోనే వికారం వచ్చి ఆపేశాను. నిద్ర సరిగ్గా పట్టనివాళ్ళు రాత్రి డంబెల్స్ వదిలేసి మంగళవారానికి జరుపుకోవడం మంచిది. ఒక్క రోజు విడతలు తగ్గినంత మాత్రాన కండ కరిగిపోదు.

నాలుగో వారం: 21 కి.మీ.

మొత్తం లెక్క

అనుకున్నది 104 కి.మీ., అయింది 86. లోటు 18. ఇందులో అన్నిటికంటే పెద్ద వాటా, 8 కి.మీ., పౌర్ణమి వారానిదే. ఉపవాసాలు ఆరు: నాలుగు సోమవారాలు, నాగుల చవితి, పౌర్ణమి. మధ్యలో విడిచిపెట్టాల్సి వచ్చింది ఒక్కసారే.

నెల మొత్తం మీద బరువు 61.4 నుంచి 61.0కి వచ్చింది. సోమవారం సాయంత్రం మిషన్ మీద తగ్గినట్టు కనిపించేది మంగళ, బుధవారాల్లో తిరిగి వచ్చేస్తుంది. సన్నబడటానికి ఈ పద్ధతి చూసేవాళ్ళు ఈ అంకెని గమనించండి.

వచ్చే ఏడాది లక్ష్యాన్ని 26 నుంచి 20కి దించి రాసుకుంటాను. 26 అని కాగితం మీద ఉండబట్టే మూడో సోమవారం పరుగు పెట్టాను.

డిసెంబరు 2, పోలి పాడ్యమి

తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు పెట్టి గోదావరిలో వదిలాం. నీళ్ళ మీద వరసగా వెళ్ళిపోతున్న దీపాలని అత్తయ్యగారు కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డారు. ఇంటికొచ్చి ఒక ఇడ్లీ తిని, ఏడింటికి పరీక్ష పరుగు చేశాను. 6 కిలోమీటర్లు, 42 నిమిషాల 20 సెకన్లు. పల్స్ 141.

మిగిలింది మహాశివరాత్రి, 2025 ఫిబ్రవరి 26. ఉపవాసానికి జాగారం కూడా తోడవుతుంది కాబట్టి నిద్ర లేని ఒంటితో ఏ పద్ధతీ పరీక్షించను. ఆ రోజూ, మర్నాడూ పరుగు లేదు. శుక్రవారం పొద్దున పల్స్ తేడా చూసుకుని, అది 20 లోపు ఉంటేనే గట్టు మీదకి వెళ్తాను.